రిటర్నులు పోగా మిగిలిందే టార్గెట్

సేల్స్ ఉద్యోగం మారాలనుకునేవారు తమ రెజ్యూమెలో పేరు, ఫోన్ నంబరు కింద నాలుగైదు పంక్తుల్లో తమ గురించి రాసుకుంటారు. దాన్ని సమ్మరీ అంటారు. అందులో రెండు మాటలు దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి, ఏటా టార్గెట్‌కు మించి అమ్మానని. రెండోది, కస్టమర్లతో చిరకాల సంబంధాలు నిలబెట్టుకున్నానని. ఈ రెండింటినీ వేర్వేరు గొప్పలుగా పక్కపక్కన పేర్చడం అలవాటు. నిజానికి అవి వేర్వేరు కావు. మొదటి మాట నమ్మదగినదా కాదా అన్నది రెండో మాటను బట్టే తేలుతుంది. ఈ ఏడాది అమ్మిన సరుకు నిజంగా అమ్ముడుపోయిందా అన్న ప్రశ్నకు జవాబు, వచ్చే ఏడాది అదే కొట్టు నుంచి వచ్చే ఆర్డరులో ఉంటుంది. సమ్మరీ ఈ లంకెను చూపిస్తేనే చదివేవారికి పనికొస్తుంది. ఈ మాటకు ఆధారాలేమిటో మన తెలుగు జిల్లాల్లో వేలమంది చేసే పురుగుమందుల సేల్స్ ఉద్యోగాన్ని తీసుకుని చూద్దాం.

ముందు ఆ వ్యాపారం నడిచే తీరు గుర్తుచేసుకుందాం. కంపెనీ సరుకు డిపో నుంచి డిస్ట్రిబ్యూటరుకో డీలరుకో వెళుతుంది. అక్కడి నుంచి రైతు చేతికి చేరుతుంది. సేల్స్ ఆఫీసరు టార్గెట్‌ను ఎక్కువ చోట్ల మొదటి మెట్టు దగ్గరే లెక్కిస్తారు. అంటే డీలరు పేరున బిల్లు పడితే చాలు, అమ్మకం జరిగినట్టే. ఖరీఫ్ ముందు జూన్, జూలై నెలల్లో సరుకు కొట్లలోకి దింపడాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అది కొట్లోంచి రైతు ఇంటికి కదలడాన్ని లిక్విడేషన్ అంటారు. వానలు మొహం చాటేసినా, తెగులు రాకపోయినా, పోటీ కంపెనీ మందు చవకగా దొరికినా దింపిన సరుకు అల్మరాల్లోనే ఉండిపోతుంది. సీజను ముగిశాక డీలరు దాన్ని వెనక్కి పంపుతాడు. కంపెనీ అతని ఖాతాలో క్రెడిట్ నోట్ వేస్తుంది. ఇదే సేల్స్ రిటర్న్. ప్లేస్‌మెంట్‌కూ రిటర్నుకూ మధ్య కొన్ని నెలలు గడుస్తాయి. ఆలోగా టార్గెట్ కొట్టిన ఇన్సెంటివ్ చేతికొచ్చేసి ఉండవచ్చు, మనిషి వేరే కంపెనీకి మారిపోయి కూడా ఉండవచ్చు. రెజ్యూమెలో మాత్రం ఆ మొదటి శాతమే మిగులుతుంది.

లెక్క వేసి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఇది ఉదాహరణకు కల్పించిన లెక్క. ఇద్దరు సేల్స్ ఆఫీసర్లకు తలా రెండు కోట్ల రూపాయల టార్గెట్ ఉందనుకుందాం. మొదటి వ్యక్తి రెండున్నర కోట్ల సరుకు బిల్లు చేశాడు, అంటే 125 శాతం. సీజను చివర 70 లక్షల సరుకు వెనక్కి వచ్చింది. నికరంగా అమ్మింది కోటి 80 లక్షలు, అంటే 90 శాతం. రెండో వ్యక్తి బిల్లు చేసింది 2 కోట్ల 24 లక్షలు, అంటే 112 శాతం. వెనక్కి వచ్చింది 12 లక్షలు. నికరం 2 కోట్ల 12 లక్షలు, అంటే 106 శాతం. టార్గెట్ దాటింది రెండో వ్యక్తే. అయినా బిల్లు లెక్కే రాసుకుంటే ఇద్దరి సమ్మరీల్లో మొదటివాడిదే పైచేయిగా కనిపిస్తుంది. పైగా 70 లక్షల సరుకు వెనక్కి తెప్పించడానికి కంపెనీకి లారీ కిరాయి, గోడౌన్ చోటు ఖర్చవుతాయి. మందుకు గడువు తేదీ ఉంటుంది కాబట్టి వచ్చిన సరుకంతా మళ్ళీ అమ్మకానికి పనికొస్తుందన్న భరోసా కూడా లేదు. అందుకే ఈ రంగంలో తలపండిన రీజనల్ మేనేజరు 125 శాతం అన్న అంకె చూడగానే అడిగే మొదటి ప్రశ్న, ఇది రిటర్నులకు ముందా, తర్వాతా అని.

ఇలా కొట్లలో సరుకు కుక్కి అంకె పెంచడం చిన్న ఉద్యోగుల చేతివాటం మాత్రమేనని, పెద్ద సంస్థల్లో ఇలాంటివి సాగవని అనుకోనక్కర్లేదు. అమెరికాకు చెందిన ప్రఖ్యాత ఔషధ సంస్థ బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ మీద అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ మోపిన అభియోగం సరిగ్గా ఇదే. హోల్‌సేలర్లకు అవసరానికి మించిన సరుకును త్రైమాసికం చివర్లో దింపి, తన అమ్మకాల లక్ష్యాలు అందుకున్నట్టు చూపించిందని ఆరోపణ. 2004లో ఆ సంస్థ ఆరోపణను ఒప్పుకోకుండా, కాదనకుండా 15 కోట్ల డాలర్లు చెల్లించి వ్యవహారం పరిష్కరించుకుంది. కొలిచేది బిల్లునే అయినప్పుడు, బిల్లును పెంచే దారి ఎవరో ఒకరు వెతుక్కుంటారు. అంతమాత్రాన టార్గెట్ శాతం రాసేవారు అబద్ధాలకోరులని కాదు. ఆ శాతం ఒక్కటే చూసి, అది కష్టపడి అమ్మినదో కొట్లలో కుక్కినదో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదని మాత్రమే నేననేది.

మరి విడదీసి చెప్పేది ఏమిటి? ఇక్కడే కస్టమరు సంబంధం లెక్కలోకి వస్తుంది. సీజను చివర అల్మరా నిండా మిగిలిన సరుకుతో, సర్దుబాటు కాని క్రెడిట్ నోట్‌తో కూర్చున్న డీలరు వచ్చే ఖరీఫ్‌లో ఆ కంపెనీ మనిషికి మొదటి ఆర్డరు ఇవ్వడు. ఇచ్చినా అరకొరగా ఇస్తాడు, డబ్బు ఆలస్యంగా కడతాడు. తన కొట్టుకు ఎంత నడుస్తుందో అంతే దింపి, కదలని సరుకును గడువు దగ్గరపడకముందే పక్క మండలంలో గిరాకీ ఉన్న కొట్టుకు మళ్ళించి, స్కీము డబ్బు చెప్పిన తేదీకి ఖాతాలో వేయించిన మనిషికి మాత్రం అడగకుండానే ఆర్డరు చెబుతాడు. అంటే సంబంధం అన్నది నవ్వుతూ పలకరించుకోవడంలోనో, పండగకు మిఠాయి డబ్బా పంపడంలోనో తేలేది కాదు. అది మళ్ళీ వచ్చిన ఆర్డరులో, సకాలంలో వచ్చిన చెల్లింపులో, తగ్గిన రిటర్నులో అచ్చుపడుతుంది. ఈ మూడూ కంపెనీ పుస్తకాల్లో ఉండేవే. కాబట్టి సమ్మరీలో వాటిని చెప్పడానికి విశేషణాలతో పనిలేదు.

ఆ లెక్క తీసే పద్ధతి కొంచెం జాగ్రత్తగా ఉండాలి. చాలామంది మొత్తం డీలర్ల సంఖ్య చెబుతారు. 40 మందితో మొదలుపెట్టి 47 మందికి పెంచానంటారు. ఈ అంకె వెనక రెండు వేర్వేరు కథలు ఉండవచ్చు. ఒకరి దగ్గర పాత 40 మందిలో 34 మంది అలాగే ఉండి, కొత్తగా 13 మంది చేరి ఉంటారు. ఇంకొకరి దగ్గర పాతవారిలో 21 మందే మిగిలి, కొత్తగా 26 మంది వచ్చి ఉంటారు. రెండు చోట్లా మొత్తం 47 మందే. రెండో వ్యక్తి టెరిటరీలో సగానికి దగ్గరగా కొట్లు చేజారాయన్న సంగతి మొత్తంలో కనబడదు. కాబట్టి లెక్కించాల్సింది బాధ్యత తీసుకున్న రోజున జాబితాలో ఉన్న డీలర్లనే. వారిలో ఎంతమంది మూడేళ్ల తర్వాత కూడా కొంటున్నారో చూడాలి. కొంటున్నారు అనడానికి కూడా ఒక గీత గీసుకోవాలి. పురుగుమందుల కొట్టు లైసెన్సులో కంపెనీ ఇచ్చిన ప్రిన్సిపల్ సర్టిఫికెట్ నమోదై ఉంటుంది. ఆ కాగితం ఉన్నంత మాత్రాన డీలరు ఆ కంపెనీ సరుకు కొంటున్నట్టు కాదు. ఏళ్ల తరబడి ఒక్క బిల్లూ పడని పేర్లు కూడా జాబితాలో ఉండిపోతుంటాయి. ఖరీఫ్‌లోనూ రబీలోనూ బిల్లు పడిన డీలరునే లెక్కలోకి తీసుకుంటే ఆ అంకెకు విలువ ఉంటుంది.

దీనికి మొదటి అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. వానలు, తెగుళ్లు, ధరలు అమ్మకాన్ని శాసించే రంగంలో అంకెలను మనిషికి ఎలా ఆపాదిస్తారని వారంటారు. ఈ మాటలో చాలా నిజం ఉంది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూతలో చేరి కాయ కట్టనివ్వని ఆ పురుగును అదుపు చేయడానికి రైతులు మందు మీద మందు కొట్టారు. అలాంటి సీజనులో మిరప ప్రాంతంలో తామర పురుగు మందు అమ్మినవారి అంకె పెరిగితే, పెరిగిన ప్రతి శాతాన్నీ వారి ప్రతిభ ఖాతాలో వేయలేం. వాన లేని ఏడాది తగ్గిన ప్రతి శాతాన్నీ వారి చేతగానితనం కిందా రాయలేం. అయితే దీనికి విరుగుడు అంకెలు మానేయడం కాదు, ప్రతి అంకె పక్కన దాన్ని కొలవడానికి మరో అంకె నిలబెట్టడం. అదే కంపెనీలో, అదే సీజనులో రీజియను సగటు ఎంత? రీజియను 130 శాతం చేసిన ఏడాది 118 చేసినవాడు వెనకబడినట్టు. రీజియను 88 చేసిన ఏడాది 97 చేసినవాడు, టార్గెట్ అందుకోకపోయినా గట్టి పని చేసినట్టు. వానా తెగులూ రీజియను మొత్తానికీ దాదాపు ఒకేలా తగులుతాయి కాబట్టి, ఆ సగటుకు పైన ఉన్నదే మనిషి పని అనడానికి ఎక్కువ ఆస్కారం ఉంటుంది.

ఇక్కడి నుంచే రెండో అభ్యంతరం పుడుతుంది. టార్గెట్ తప్పిన ఏడాదిని సమ్మరీలో ఎవరైనా రాసుకుంటారా, అది కోరి గొయ్యి తవ్వుకోవడం కాదా అని. మూడేళ్లలో రెండేళ్లు దాటి ఒక ఏడాది తప్పినవారు, ప్రతి ఏటా టార్గెట్ దాటాను అని రాస్తే ఇంటర్వ్యూలో ఏడాదివారీ లెక్క అడిగినప్పుడు మాట తడబడుతుంది. ఆ రెండేళ్లే రాసి మూడో ఏడాదిని వదిలేస్తే, వదిలేసిన చోటే చదివేవారి చూపు ఆగుతుంది. 106, 97, 111 అని వరసగా రాసి, 97 వచ్చిన ఏడాది రీజియను సగటు 88 అని చేర్చితే, తప్పిన ఏడాదే మిగతా రెండింటికీ సాక్ష్యం చెబుతుంది. ఏటా వంద దాటే అంకెల కంటే ఎగుడుదిగుడుగా ఉన్న అంకెల వరసను, వ్యవసాయ సీజన్లు తెలిసినవారు ఎక్కువగా నమ్ముతారు. అయితే దీనికి ఒక హద్దుంది. రీజియను కంటే కూడా వరసగా వెనకబడినవారికి ఈ పద్ధతి మేలు చేయదు. వారి బలం వసూళ్లలోనో, కొత్త మందును రైతుకు పరిచయం చేసిన ప్రదర్శనా క్షేత్రాల్లోనో ఉంటే సమ్మరీ అక్కడి నుంచే మొదలుకావాలి. లేని టార్గెట్‌ను ముందుకు తోయకూడదు.

మూడో అభ్యంతరం సంబంధాల గురించి. డీలరు మనిషిని చూసి కొంటున్నాడా, కంపెనీ బ్రాండును చూసి కొంటున్నాడా? పేరున్న బ్రాండు అయితే ఎవరు ఆ టెరిటరీలో ఉన్నా కొట్టు కదలదు కదా అంటారు. ఇది పాక్షికంగా నిజం. అందుకే 34 మంది నిలిచారు అన్న అంకె ఒక్కటే చాలదు, పక్కన బాకీల వయసు కూడా చూపాలి. 90 రోజులు దాటిన బాకీ మొత్తం బాకీలో ఎంత శాతమో కంపెనీ అకౌంట్స్ విభాగం నెలనెలా తీసే పట్టికలో ఉంటుంది. బ్రాండు బలంతో సరుకు కొట్లోకి వెళ్ళవచ్చు. డబ్బు గడువులోగా రావడం వెనక మాత్రం చాలావరకు ఆ టెరిటరీ మనిషి చేసిన పని ఉంటుంది. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో తేల్చింది, పంట చేతికొచ్చి రైతు కొట్టు బాకీ తీర్చే నెల చూసుకుని వసూలుకు వెళ్ళింది, క్రెడిట్ నోట్ వివాదం ముదరక ముందే తెంచింది అతనే. అతను వచ్చేనాటికి 22 శాతం ఉన్న పాత బాకీ మూడేళ్లలో 9 శాతానికి దిగిందంటే, ఆ తగ్గుదలలో బ్రాండు వాటా తక్కువ, మనిషి వాటా ఎక్కువ.

ఈ సరుకంతా నాలుగైదు పంక్తుల్లో పట్టదని, నియామకాలు చూసేవారికి అంత తీరిక ఉండదని ఇంకో వాదన ఉంది. పట్టించి చూద్దాం. ఇక్కడి రెజ్యూమెలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి మాటలు కాకుండా అందులోని విషయం చెబుతాను. ముందు మామూలుగా కనిపించేది: ఫలితాలే ధ్యేయంగా పనిచేసే, అంకితభావం గల సేల్స్ నిపుణుణ్ణి, ఎల్లప్పుడూ టార్గెట్లను అధిగమించాను, కస్టమర్లతో బలమైన దీర్ఘకాల సంబంధాలు ఏర్పరచుకోవడంలో దిట్టను, సవాళ్లను స్వీకరిస్తాను. ఇప్పుడు ఇంతసేపూ చెప్పుకున్న అంకెలతో: పురుగుమందుల అమ్మకాల్లో ఎనిమిదేళ్ల అనుభవం, ప్రస్తుతం గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో 47 మంది డీలర్ల బాధ్యత. రిటర్నులు పోగా గత మూడేళ్ల టార్గెట్ సాధన 106, 97, 111 శాతం. 97 వచ్చిన ఏడాది రీజియను సగటు 88. బాధ్యత తీసుకున్నప్పటి 40 మంది డీలర్లలో 34 మంది నేటికీ రెండు సీజన్లలోనూ కొంటున్నారు. 90 రోజులు దాటిన బాకీ 22 నుంచి 9 శాతానికి తగ్గింది. రెండూ పట్టిన చోటు దాదాపు ఒకటే. మొదటిదాన్ని బీమా పాలసీలు అమ్మేవారి రెజ్యూమెలో పెట్టినా, మోటారు పంపులు అమ్మేవారి రెజ్యూమెలో పెట్టినా తేడా తెలియదు. రెండోది ఒక టెరిటరీలో ఒక మనిషి చేసిన పనికి తప్ప ఇంకెవరికీ అతకదు.

చెప్పకూడనివీ ఉన్నాయి. డీలర్ల పేర్లు, ఒక్కొక్కరికి ఇచ్చిన డిస్కౌంటు, స్కీము లెక్కలు పాత కంపెనీ రహస్యాలు. వాటిని రెజ్యూమెకు ఎక్కించినవారు, రేపు మన గుట్టూ ఇలాగే బయటపెడతారని కొత్త కంపెనీ గ్రహిస్తుంది. పై ఉదాహరణలో శాతాలూ సంఖ్యలే ఉన్నాయి కానీ రూపాయలు లేకపోవడానికి కారణం అదే. డీలర్లంతా నా వెంట వస్తారు అన్న వాగ్దానమూ ఇలాంటిదే. సంబంధం నిలిచింది సరుకు సరిగ్గా అందినందుకు, లెక్క సరిగ్గా తేలినందుకు. కొత్త కంపెనీలో అవి రెండూ ఎలా ఉంటాయో తెలియకుండా డీలర్ల తరఫున మాట ఇవ్వడం వారి నమ్మకాన్ని ఖర్చుపెట్టడమే అవుతుంది. ఏడాది తిరగకుండానే మారాలనుకునేవారు చిరకాల సంబంధాల జోలికి పోకపోవడం మంచిది. వారి డీలర్లు ముందున్నవారి నుంచి వచ్చినవారు. ఇలా మారేవారు చూపగలిగింది ఆ ఒక్క ఏడాది రిటర్నులూ వసూళ్లే.

ఈ అంకెలు రాబట్టడానికి ఉద్యోగం మారే వేళ హడావిడి పడితే కుదరదు. కంపెనీ సిస్టంలోకి వెళ్ళే దారి రాజీనామాతోనే మూసుకుపోవచ్చు, ఆఖరి రోజుల్లో ఫైళ్లు దించుకోవడం అనుమానాలకూ తావిస్తుంది. ప్రతి ఏడాదీ రిటర్నులు తేలాక, నికర సాధన శాతం, రీజియను సగటు, పాత డీలర్లలో నిలిచినవారి సంఖ్య, 90 రోజులు దాటిన బాకీ శాతం, ఈ నాలుగు అంకెలే ఎవరి నోట్‌బుక్‌లో వారు రాసుకుంటే సరిపోతుంది. అప్రైజల్ లెటర్లో టార్గెట్ శాతం ఉంటే, అది రిటర్నులకు ముందుదో తర్వాతదో పక్కనే గుర్తుపెట్టుకోవాలి. అంకె పెరిగినా తగ్గినా దానికి కారణం ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ వాక్యంలోనే దొరుకుతుంది.

చివరగా ఒక మాట. అంకెలు కూడా అబద్ధమాడవచ్చు కదా, ఎవరైనా 34 అని రాసుకోవచ్చు కదా అనే సందేహం మిగులుతుంది. ఈ రంగంలో దానికి జవాబు కాగితాల మీద కంటే ఊళ్ళలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఒకే డీలరు కొట్లో పది కంపెనీల సరుకు ఉంటుంది. కొత్త కంపెనీ మేనేజరుకు కూడా ఆ డీలరు పరిచయస్తుడే అయి ఉంటాడు. అభ్యర్థి వెళ్ళిపోయాక, ఆయన ఎలాంటివాడండీ అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. మిగిలిన సరుకు ఎత్తించుకున్నాడా, క్రెడిట్ నోట్ వేయించాడా, మార్చి నెలాఖరున బలవంతంగా బిల్లు కొట్టాడా అన్నవన్నీ డీలరు చెప్పేస్తాడు. కాబట్టి సమ్మరీ రాసేవారు పంపేముందు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇందులోని ఒక్కో వాక్యాన్నీ తమ పాత డీలరుకు చదివి వినిపిస్తే ఆయన అవునంటాడా, కాదంటాడా? ఆయన కాదనే వాక్యాన్ని కొట్టేయాలి, అది ఎంత పెద్ద శాతమైనా సరే.